525 రెట్ల టెలిస్కోపుతో గురుగ్రహం: నేను 56 దగ్గర ఎందుకు ఆగాను

మన దగ్గర కొత్తవాళ్ల చేతికి తరచుగా వచ్చే టెలిస్కోపుల్లో 76/700 రిఫ్లెక్టర్ ఒకటి. 76 అంటే గొట్టం అడుగున ఉన్న అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. దాన్నే అపెర్చర్ అంటాం. 700 అంటే ఆ అద్దం ఫోకల్ లెంగ్త్, అంటే అద్దం నుంచి అది కాంతిని ఒకచోట చేర్చే బిందువుకి ఉన్న దూరం, అదీ మిల్లీమీటర్లలోనే. సాధారణంగా దీంతోపాటు కన్ను ఆనించి చూసే 20, 12.5, 4 మి.మీ. ఐపీసులు, ఐపీసు ఇచ్చే రెట్లని మూడింతలు చేసే ఒక 3ఎక్స్ బార్లో లెన్సు వస్తాయి. పెట్టె మీద మాత్రం పెద్ద అక్షరాలతో 525ఎక్స్ అని ఉంటుంది. ఈ సరంజామాతో గురుగ్రహాన్ని చూసిన క్రమం, ఏ ఐపీసుతో ఏం కనిపించింది, ఎక్కడ ఎందుకు చెడింది అన్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు లెక్క. టెలిస్కోపు ఫోకల్ లెంగ్త్‌ని ఐపీసు ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దదిగా కనిపిస్తుందో వస్తుంది. 700ని 20తో భాగిస్తే 35. 12.5తో అయితే 56, 4తో అయితే 175. 4 మి.మీ. ఐపీసు ముందు 3ఎక్స్ బార్లో పెడితే 175 మూడింతలై 525 అవుతుంది. పెట్టె మీది అంకె అబద్ధం కాదు, లెక్క ప్రకారం సరిగ్గా అంతే. కానీ ఈ లెక్కలో 76 ఎక్కడా రాలేదు చూడండి. అసలు చిక్కంతా అక్కడే ఉంది. రెట్లు ఎన్నో తేల్చేది ఐపీసు, ఆ రెట్లలో చూడటానికి ఏమైనా ఉందా లేదా అని తేల్చేది అపెర్చర్.

టెలిస్కోపుని చూడబోయే వేళకు కనీసం అరగంట ముందే బయట పెట్టాలి. గదిలోని వెచ్చదనం అద్దంలో ఉన్నంతసేపూ గొట్టంలో గాలి కదులుతూనే ఉంటుంది. ఎండాకాలంలో డాబా స్లాబు రాత్రి పది దాటినా వేడి వదులుతూ ఉంటుంది కాబట్టి వీలైతే మట్టి నేల మీద పెట్టడం నయం. గురుడు చెట్ల మీదుగా అప్పుడే పైకి వస్తున్నప్పుడు కాకుండా, ఆకాశంలో సగానికి పైగా ఎక్కాక మొదలుపెట్టాను. కింద ఉన్నప్పుడు మనం చాలా మందమైన గాలిలోంచి చూడాల్సి వస్తుంది.

మొదట 20 మి.మీ. ఐపీసు. ఆకాశంలో వెడల్పుని కోణంతో కొలుస్తాం: డిగ్రీలో అరవయ్యో వంతు ఆర్క్ నిమిషం, అందులో అరవయ్యో వంతు ఆర్క్ సెకను. గురుడు మనకు దగ్గరగా ఉన్న రోజుల్లో దాని వెడల్పు సుమారు 45 ఆర్క్ సెకన్లు. 35 రెట్లు చేస్తే 26 ఆర్క్ నిమిషాలు. మామూలు కంటికి నిండు చందమామ 31 ఆర్క్ నిమిషాలు ఉంటుంది. అంటే ఈ అతి తక్కువ రెట్లలోనే గురుడు దాదాపు చందమామంత పరిమాణంలో కనిపిస్తున్నట్టు. ఈ మాట ఎవరికి చెప్పినా మొదట నమ్మరు. చుట్టూ నల్లటి ఖాళీ తప్ప పోల్చుకోవడానికి ఏమీ లేక కన్ను దాన్ని చిన్న బఠాణీ గింజలా లెక్కగడుతుంది. "ఇంతేనా, ఇంకా పెద్దది చెయ్యండి" అనే కోరిక పుట్టేది సరిగ్గా ఇక్కడే.

12.5 మి.మీ. పెడితే 56 రెట్లు. బింబం అంచు తీరుగా ఉంటుంది, మధ్యలో రెండు ముదురు పట్టీలు తెలుస్తాయి, పక్కన ఉపగ్రహాలు సూది మొనల్లాంటి చుక్కలుగా ఒకే వరసలో ఉంటాయి. ఒక్క నిమిషం చూసి తప్పుకుంటే పట్టీలు కనబడవు. ఐదారు నిమిషాలు కదలకుండా చూస్తే, గాలి నిలకడపడ్డ క్షణాల్లో అవి స్పష్టమవుతాయి.

ఇప్పుడు 4 మి.మీ. ఐపీసు, 175 రెట్లు. బింబం పెద్దదైంది, కానీ మసకబారింది, పట్టీలు అంచులు కోల్పోయాయి. ఫోకస్ ఎంత తిప్పినా "ఇదే" అనిపించే చోటు దొరకదు. చాలామంది ఫోకస్ చేయడం తమకు రావట్లేదనుకుంటారు. తప్పు వాళ్లది కాదు. కారణాలు మూడు, మొదటిది అద్దం.

76 మి.మీ. అద్దం విడదీసి చూపగల అతి సన్నని వివరం సుమారు 1.5 ఆర్క్ సెకన్లు. 116ని అపెర్చర్ మిల్లీమీటర్లతో భాగిస్తే ఈ అంకె వస్తుంది. దీన్ని డాస్ పరిమితి అంటారు. మామూలు కన్ను గుర్తుపట్టగలిగేది దాదాపు ఒక ఆర్క్ నిమిషం, హాయిగా చూడాలంటే రెండు కావాలి. 1.5 సెకన్లు రెండు నిమిషాలు కావడానికి 80 రెట్లు చాలు. అంటే ఈ అద్దం పట్టిన వివరమంతా 80 రెట్ల దగ్గరే కంటికి అందేస్తుంది. 120 దాకా వెళ్తే కాస్త తీరిగ్గా చూడొచ్చు. గాలి చాలా నిలకడగా ఉన్న రాత్రి 150, అంటే అపెర్చర్‌కి రెండింతలు, చివరి హద్దు. 525 రెట్లలో ఆ 1.5 సెకన్లు 13 ఆర్క్ నిమిషాలవుతుంది. అంతకంటే చిన్న వివరం అసలు లేదు గనుక పెరిగేది మసక ఒక్కటే.

రెండోది వెలుతురు. అద్దం పట్టే కాంతి మారదు. 35 నుంచి 175కి వెళ్తే అదే కాంతి 25 రెట్ల వైశాల్యం మీద పరుచుకుంటుంది. 525కి వెళ్తే 225 రెట్ల మీద. చారు చాలకపోతే నీళ్లు కలిపినట్టే, గిన్నె నిండుతుంది గానీ రుచి పలచబడుతుంది. దీన్ని కొలిచే సులువైన అంకె ఒకటుంది: అపెర్చర్‌ని రెట్లతో భాగిస్తే ఐపీసులోంచి బయటికి వచ్చే కాంతి కడ్డీ మందం వస్తుంది. 56 రెట్లలో అది 1.4 మి.మీ., 175లో 0.43, 525లో 0.15. అర మిల్లీమీటరు కన్నా సన్నబడ్డాక కంటి లోపల తేలే నలుసులే దృశ్యం మీద అడ్డంగా కనిపించడం మొదలవుతుంది.

మూడోది స్టాండు. 4 మి.మీ. ఐపీసులో కనిపించే వలయం వెడల్పు 40 డిగ్రీలనుకుంటే, 175 రెట్లలో ఆకాశంలో పావు డిగ్రీ కన్నా తక్కువే పడుతుంది. భూమి తిరుగుడు వల్ల గురుడు నిమిషం లోపే బయటికి జారిపోతాడు. 525లో 20 సెకన్లు కూడా ఉండడు. ఈలోగా ఫోకస్ చక్రం ముట్టుకుంటే వచ్చిన ఊపు ఆగడానికే నాలుగైదు సెకన్లు పోతాయి.

ఏ తప్పు ఎవరిదో ఇలా తేల్చాను. బింబం అంచు నీళ్లలో ఉన్నట్టు అలలు కొడుతుంటే అది గాలి. మరో రాత్రి ప్రయత్నించాలి. కదలకుండా ఉండి కూడా మెత్తగా, చప్పగా ఉంటే రెట్లు ఎక్కువైనట్టు. ఐపీసు మీదే అనుమానముంటే 4 మి.మీ. తీసేసి, 12.5కి బార్లో జోడించి చూడాలి. 168 రెట్లు, దాదాపు సమానం. రెండింటిలోనూ ఒకే మసక ఉంటే ఐపీసు ఒక్కటే కారణం కాదు. 12.5 జోడీ తేటగా ఉంటే ఆ 4 మి.మీ. నాసిరకమని తేలినట్టే.

ఈ టెలిస్కోపుకి ఏదైనా కొనాలనుకుంటే 9 లేదా 10 మి.మీ. ప్లోసెల్ రకం ఐపీసు ఒక్కటి చాలు. 70 నుంచి 78 రెట్లు వస్తాయి, పైన చెప్పిన 80కి దగ్గర. కొనేముందు ఐపీసు దూర్చే మీ ఫోకసర్ గొట్టం 1.25 అంగుళాలదా, పాత 0.965 అంగుళాలదా అని కొలుచుకోండి. రెండోదైతే 1.25 అంగుళాల ఐపీసు అందులో పట్టదు.