నాలుగో కాపీలోని హిస్

రాత్రి అమెరికన్ రాక్ బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ 1977 మే 8 షో మళ్లీ విన్నాను. కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్‌లోది. రికార్డ్ చేసింది బ్యాండ్ సౌండ్ ఇంజనీర్ బెట్టీ కాంటర్-జాక్సన్. తర్వాత ఆమె టేపులు ఒక స్టోరేజీ లాకర్‌లో పడి ఉండి, 1986లో వేలానికి పోయాయి. ఈ షో అధికారిక ఆల్బమ్‌గా రావడానికి 2017 దాకా పట్టింది. అప్పటిదాకా దాన్ని బతికించింది క్యాసెట్లు మార్చుకున్న అభిమానులే. డబ్బు ప్రసక్తి లేదు. ఖాళీ క్యాసెట్లు, తిరుగు పోస్టేజీ పంపితే చాలు, కాపీ చేసి పంపేవాళ్లు.

చిక్కల్లా కాపీకి కాపీ తీయడంలో ఉంది. తీసిన ప్రతిసారీ హిస్, అంటే టేపు వెనకాల వినిపించే ‘స్స్’ చప్పుడు, పెరుగుతుంది, డ్రమ్స్‌లోని సింబల్స్ మెరుపు తగ్గుతుంది. డెక్ కాస్త వేగంగా తిరిగితే శ్రుతే మారిపోతుంది. అందుకే మాస్టర్, అంటే మొదటి అసలు టేపు నుంచి ఇది ఎన్నో కాపీయో లేబుల్ మీద రాసేవారు. 90 నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపు 45 నిమిషాలే కదా, బ్యాండ్ అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే జామ్ మంచి ఊపులో ఉండగా టేపు అయిపోయేది. తిప్పి పెట్టేలోగా పోయిన ముక్కను ప్రేక్షకుల్లో ఎవరో మైకుతో పట్టిన టేపు నుంచి తెచ్చి అతికేవారు. అక్కడ చప్పట్లు ఒక్కసారిగా దగ్గరకొస్తాయి, బేస్ మసకబారుతుంది.

నిజం చెప్పాలంటే, నాకు ఆ అతుకులున్న కాపీలే ఎక్కువ ఇష్టం.