అంబత్తూరు ఆడిట్‌లో 3.8 లక్షలు, 2.28 లక్షలు: నా అనుభవం

చెన్నైలో సీఏ ఆర్టికల్స్ చేస్తున్న రెండో ఏడాది అంబత్తూరులో ఒక చిన్న కంపెనీ ఆడిట్‌కి పంపారు. కార్లకి రేకు భాగాలు ప్రెస్‌లో కొట్టి ఇస్తారు, టర్నోవర్ 24 కోట్లు. ఓనర్‌ది చిత్తూరు, మా సీనియర్‌ది ఒంగోలు, కాబట్టి షెడ్డులో మాటలన్నీ తెలుగులోనే.

మెటీరియాలిటీ వర్కింగ్ పేపరు నువ్వే రాయి అన్నారు సీనియర్. ఎంత తప్పు ఉంటే ఈ లెక్కలు చూసి అప్పు ఇచ్చే బ్యాంకు నిర్ణయం మారుతుందో ఆ మొత్తం అన్నమాట. పన్నుకు ముందు లాభంలో 5 శాతం అని ఎస్‌ఏ 320 అనే ఆడిట్ ప్రమాణంలో తయారీ కంపెనీకి ఉదాహరణగా ఉంటుంది, నేను దాన్నే పట్టుకున్నా. లాభం 36 లక్షలు, అందులో 5 శాతం 1.8 లక్షలు. సీనియర్ చూసి, "మరి పోయినేడాది లాభం ఎంత?" అన్నారు. 82 లక్షలు. వ్యాపారం అంతే ఉంది, మరి లాభం ఎందుకు పడిందంటే ఒక కస్టమర్ మూతపడి 40 లక్షల బాకీ రద్దు చేశారు. ఏటా జరిగేది కాదు కదా, అది కలిపి 76 లక్షలు అనుకుని 5 శాతం వేస్తే 3.8 లక్షలు. టర్నోవర్ మీద అర శాతం వేద్దామా అని అడిగా. 12 లక్షలు వస్తుంది, అంటే ఈ ఏడాది లాభంలో మూడో వంతు తప్పైనా పర్లేదన్నట్టే, దానికి ఆయన నవ్వి ఊరుకున్నారు.

తర్వాత పెర్ఫార్మెన్స్ మెటీరియాలిటీ, అంటే తప్పులు వెతికేటప్పుడు వాడే ఇంకా తక్కువ అంకె. చాలా ఆఫీసుల్లో మెటీరియాలిటీలో 50 నుంచి 75 శాతం మధ్య పెడతారు, నేను 75 రాశా. పోయినేడాది స్టాకులోనే నాలుగు సవరణలు వచ్చాయని ఆయన కొట్టేసి 60 చేశారు. 2.28 లక్షలు. 3.8 సరిపోతుందని మనమే తేల్చాక మళ్లీ తక్కువ అంకె పెట్టుకుని పని పెంచుకోవడం ఎందుకో నాకు నిజంగా అర్థం కాలేదు. విలువ ఈ అంకె దాటిన ఐటమ్‌లన్నీ విడిగా చూడాలి కాబట్టి స్టాకులో 14 ఐటమ్‌లు చూడాల్సిన చోట 23 అయ్యాయి, మిగిలినవాటిలో శాంపిల్ కూడా పెరిగింది.

ఆ పెరిగిన తొమ్మిదింట్లో మూడు స్టీల్ కాయిల్స్. బిల్లులు తీసి చూస్తే ధరలో 18 శాతం జీఎస్టీ కూడా కలిపి స్టాకు విలువ కట్టారు, ఆ ట్యాక్సు క్రెడిట్ అప్పటికే తీసుకున్నారు. మూడింటి అసలు విలువ కలిపి 7.8 లక్షలు, ఎక్కువ చూపింది 1.4 లక్షలు. ఇంకోటి, మార్చి 31 తేదీతో 1.1 లక్షల అమ్మకం బిల్లు ఉంది, గేట్ పాస్ చూస్తే లారీ కదిలింది ఏప్రిల్ 2న. ఆ సరుకు 31 సాయంత్రం స్టాకు లెక్కలోనూ ఉంది, అంటే అమ్మినట్టూ ఉంది, చేతిలోనూ ఉంది. ఆ 1.1 లక్షలూ పూర్తిగా లాభంలోకి ఎక్కాయి.

మూడోది తయారీ సగంలో ఉన్న సరుకు. విలువలో ఐదో వంతు శాంపిల్‌గా చూస్తే, ఒక ఆపరేషన్ కూడా కాని ముక్కలకి రెండు అయినట్టు విలువ కట్టి 16,000 ఎక్కువ చూపారు. 19,000 లోపు తప్పుల్ని రాయక్కర్లేదని మేం ముందే అనుకున్నాం, అందుకని నేను వదిలేశా. సీనియర్ మాత్రం వదల్లేదు. "నువ్వు చూసింది ఐదో వంతు కదా, చూడని నాలుగు వంతుల్లో తప్పు లేదని ఎవరు చెప్పారు?" అన్నారు. అదే లెక్కన మొత్తం మీద అంచనా 80,000. పరిమితిని ఆ 80,000తో పోల్చాలి, దొరికిన 16,000తో కాదు.

కాగితం మీద మూడూ కూడితే 3.3 లక్షలు. విడివిడిగా ఏ ఒక్కటీ 2.28 కూడా దాటలేదు, కలిపితే 3.8కి మిగిలింది 50,000 మాత్రమే, అదీ మాకు కనపడని తప్పులన్నిటికీ కలిపి. 3.8తోనే వెతికి ఉంటే ఆ కాయిల్స్ బిల్లులు తీసేవాళ్లమే కాదేమో, అప్పుడు మిగిలిన రెండూ కలిపి 1.9 లక్షలే అని హాయిగా సంతకం పెట్టించేవాళ్లం.

ఇంకో పొరపాటు కూడా చేశా. తప్పులన్నీ కలిపి 2.28 దాటాయి కాబట్టి రిపోర్టులో క్వాలిఫికేషన్ ఇవ్వాలని, అంటే ఈ తప్పులు మినహా లెక్కలు సరే అని చెప్పాలని రాసేశా. ఆ అంకె ఎంత లోతుగా వెతకాలో చెప్పడానికే, చివర్లో సవరించని తప్పుల్ని పోల్చేది 3.8తో, పైగా ఆ తప్పుల స్వభావం కూడా చూడాలి.

ఓనర్ దగ్గరికి వెళ్తే, "24 కోట్ల కంపెనీలో ఒకటిన్నర లక్షకి ఇంత గొడవా సార్?" అన్నాడు. మా అంకెలు మాత్రం చెప్పలేదు, చెబితే ఎంతవరకు దాచొచ్చో మనమే చెప్పినట్టు. గేట్ పాస్ ముందు పెట్టాక కాయిల్, అమ్మకం రెండూ సరిచేశాడు. లాభం 33.5 లక్షలకి తగ్గింది, ఆ 40 లక్షలు కలిపి మెటీరియాలిటీ మళ్లీ లెక్కేస్తే 3.675 వచ్చింది. మిగిలింది 80,000 అంచనా. దాన్ని సవరించని తప్పుల పేపర్లో రాసి ఓనర్‌కి తెలియజేశాం, స్టోర్స్ అబ్బాయి మాత్రం మర్నాడు మళ్లీ ఆ ముక్కల ట్రేలన్నీ దించి లెక్కపెట్టాల్సి వచ్చింది.