మా వార్డు మందుల అల్మారా లిస్టు, ఒక అడ్రినలిన్ డబ్బా: నా అనుభవం

మాది హైదరాబాద్‌లో చిన్న హాస్పిటల్, మా వార్డులో 14 బెడ్లు, నేను అక్కడ స్టాఫ్ నర్సుని. మందుల అల్మారా తలుపు లోపలివైపు ఒక లిస్టు అంటించి ఉంటుంది, మందు పేరు, ఎన్ని ఉన్నాయి, ఎక్స్‌పైరీ, మినిమం ఎంత, చివర్లో చూసిన సిస్టర్ ఇనిషియల్స్. ప్రతి షిఫ్ట్ హ్యాండోవర్‌లో ఇది నింపాలి.

2025 సెప్టెంబర్ మధ్యలో ఒక పొద్దున మా ఇన్‌చార్జ్ సిస్టర్ అడ్రినలిన్ డబ్బా తీసి టేబుల్ మీద బోర్లించి "అమ్మా, ఇందులో మంచియి ఎన్ని ఉన్నయో చూసి చెప్పు" అన్నారు. లిస్టులో 10 ఆంపూల్స్, ఎక్స్‌పైరీ 03/2027, మినిమం 5 అని ఉంది. లెక్కపెడితే 10 సరిగ్గానే ఉన్నాయి, కానీ ఒక్కొక్కటి లైటుకి ఎత్తి చూస్తే నాలుగింటి మీదే 03/2027 ఉంది, మిగతా ఆరింటి మీద 08/2025. నెల, ఏడాది మాత్రమే ఉంటే ఆ నెల ఆఖరి రోజు దాకా వాడొచ్చు, అంటే ఆగస్టు 31తోనే వాటి పని అయిపోయింది. ఆ రెండు వారాల్లో నాలుగు సార్లు నా ఇనిషియల్సే ఉన్నాయి ఆ గడిలో. నాకు చేతులు చల్లబడ్డాయి, ఎందుకంటే ఆ మందు తీసేదే పేషెంట్ గుండె ఆగినప్పుడు.

ఎలా జరిగిందో కూర్చుని వెనక్కి చూశాం. ఏప్రిల్‌లో నాలుగు వాడారు, ఫార్మసీ నుంచి కొత్తవి నాలుగు వచ్చాయి, ఎవరో పాత డేట్ కొట్టేసి కొత్త డేట్ రాశారు, మందుకి ఒకటే గడి కదా, అందులో రెండు డేట్లు పట్టవు. కొత్తవి డబ్బాలో ముందు పెట్టారు, పాతవి అడుగుకి పోయాయి. ఆ తర్వాత మేమందరం చేసింది నిన్నటి అంకె చూసి అదే రాసి సంతకం పెట్టడం. పైగా ఇద్దరు సిస్టర్లకి ఇనిషియల్స్ ఒకటే, ఎవరు చూశారో అడుగుదామన్నా తేలలేదు.

ఆ ఆరింటిని "ఎక్స్‌పైర్డ్" అని రాసిన కవర్లో పెట్టి రిజిస్టర్లో ఎక్కించి ఫార్మసీకి పంపాం, డస్ట్‌బిన్‌లో వేయకూడదు. వాటి బదులు మంచివి వెంటనే తెప్పించుకున్నాం. తర్వాత లిస్టు మళ్ళీ గీశాం. ఇప్పుడు ఒకే మందు రెండు డేట్లలో ఉంటే రెండు లైన్లు, ముందు అయిపోయేది పై లైన్లో, డబ్బాలో కూడా అదే ముందు. ఆంపూల్స్ బయటకి తీసి డబ్బా పారేయొద్దని కూడా చెప్పుకున్నాం, అడ్రినలిన్‌కి వెలుతురు తగలకూడదు, గాజు మీద అక్షరాలు కూడా చేతులు తగిలి చెరిగిపోతాయి. టాబ్లెట్ స్ట్రిప్ అయితే డేట్ లేని వైపు నుంచే కత్తిరించాలి, లేకపోతే మిగిలిన ముక్క మీద ఏమీ ఉండదు.

మినిమం గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇదివరకు అన్నింటికీ 5 లేదా 10 అని ఊరికే రాసేశారు. పాంటోప్రజోల్ ఇంజెక్షన్ మాకు రోజుకి 12 దాకా పోతుంది, ఆదివారం ఫార్మసీ వాళ్ళు మందుల ఇండెంట్ తీసుకోరు, శనివారం సాయంత్రం డోసు నుంచి సోమవారం పొద్దున డోసు దాకా నడవాలంటే రెండు రోజుల లెక్కన 24, ఇంకో ఆరు చేతిలో ఉండాలని 30 పెట్టాం. అడ్రినలిన్‌కి ఈ లెక్క పనికిరాదు, నెలల తరబడి ఒక్కటి కూడా పోదు, పోయిన రోజు మాత్రం మూడు నుంచి ఐదు నిమిషాలకొకటి చొప్పున పోతుంది, అరగంట సీపీఆర్ నడిస్తే పది దాకా కావాలి. అందుకే మినిమం 10. వాడకం లేని మందే అడుగున పడి డేట్ దాటుతుంది కాబట్టి మూడు నెలల్లో అయిపోయేవాటికి ఎర్ర స్టిక్కర్ వేసి, మార్చి ఇవ్వమని ఫార్మసీకి ముందే చెప్తాం.

ఇనిషియల్స్ పక్కన ఇప్పుడు ఎంప్లాయీ నంబర్ ఆఖరి రెండంకెలు రాస్తున్నాం. నిన్నటి కాలమ్ మీద అట్టముక్క క్లిప్ చేసి ఉంటుంది, లెక్కపెట్టి రాశాకే తీసి పోల్చుకోవాలి. ఎక్స్‌పైరీకి వేరే సంతకం, నెల మొదటి తారీఖున ఇద్దరు కలిసి ఒక్కొక్కటి చేతిలో పట్టుకుని చూసి పెట్టేది. మొదటిసారి 40 నిమిషాలు పట్టింది, అందరూ విసుక్కున్నారు, ఇప్పుడు 20లో అవుతోంది. పక్క వార్డు వాళ్ళు రాత్రి అప్పుగా తీసుకెళ్ళేవి మాత్రం ఇంకా లెక్కలో తప్పుతూనే ఉన్నాయి.

పోయిన నెల నైట్‌లో 9వ బెడ్ పేషెంట్‌కి కార్డియాక్ అరెస్ట్ అయింది, ఏడు ఆంపూల్స్ వాడాం, పల్స్ వచ్చాక ఐసీయూకి షిఫ్ట్ చేశాం. మూడే మిగిలాయి, తెల్లారేదాకా ఆగకుండా క్యాజువాలిటీ నుంచి ఏడు తెచ్చి పెట్టాను, రెండు రకాల డేట్లు ఉన్నాయి వాటి మీద, రెండు లైన్లుగా రాసి సంతకం పెట్టాను.