షిఫ్ట్ టైమ్ మారింది

ఒకటో తేదీ నుంచి మా ప్లాంట్‌లో మొదటి షిఫ్ట్ 6 బదులు 7 గంటలకు మొదలవుతుంది. ఈ కబురు మూడు రకాలుగా రాశాను.

పైవాళ్లకు నాలుగు లైన్లు చాలు: ఎందుకు, ఖర్చెంత, ఎప్పటిలోగా సంతకం కావాలి. తోటి సూపర్‌వైజర్లకు రోస్టర్, మారే రోజు ఖాళీ పడే ఆ గంట ఎవరు చూడాలన్నది.

అసలు పని లైన్ మీదివాళ్ల నోటీసు దగ్గరే. "ఉత్పాదకత మెరుగుదల" అంటే చాలు, మనుషుల్ని తీసేస్తారని టెన్షన్. బస్సు ఎన్నింటికి, ఓటీ తగ్గుతుందా, ఇబ్బందుంటే ఎవరినడగాలి అన్నవే పైన పెట్టాను.

తేదీ, టైమ్, కారణం మాత్రం మూడింట్లోనూ ఒకటే. స్క్రీన్‌షాట్లు ఎలాగూ గ్రూపులు దాటుతాయి. నోటీసు అంటించడానికి గంట ముందే సూపర్‌వైజర్లకు పంపాను, ప్రశ్నలు ముందు వచ్చేది వాళ్ల దగ్గరికే కదా.