టీవీలో ఇండియా టైమ్, గోడ మీద గల్ఫ్ టైమ్

నేను గల్ఫ్‌లో మెయింటెనెన్స్ పని చేస్తా, రూమ్‌లో నలుగురం ఉంటాం, అందరికీ కలిపి ఒకటే టీవీ, దానికి డిష్ రిసీవర్ ఒకటి, వెనకాల రికార్డింగ్ కోసం గుచ్చిన యూఎస్‌బీ ఒకటి. ప్రపంచమంతా లెక్కకి వాడే టైమ్ యూటీసీ, మెనూల్లో GMT అని ఉండేది అదే. మా దగ్గర టైమ్ దాని కంటే 3 గంటలు ముందు, ఇండియా 5 గంటల 30 నిమిషాలు ముందు, కాబట్టి మనకీ ఇంటికీ తేడా రెండున్నర గంటలు. ఇంటి దగ్గర రాత్రి ఏడున్నరకి మొదలయ్యే మ్యాచ్ మాకు సాయంత్రం ఐదుకే మొదలైపోతుంది, నా డ్యూటీ అయ్యేసరికి ఏడు. అందుకే టైమర్ పెట్టుకోవడం తప్ప వేరే దారి లేదు.

మొదటిసారి పెట్టినప్పుడు చాలా జాగ్రత్తగా పెట్టాననుకున్నా. మెనూలో టైమర్ ఓపెన్ చేసి చానల్ సెలెక్ట్ చేసి, స్టార్ట్ 17:00, నాలుగు గంటల రికార్డింగ్, అంతా చేత్తోనే కొట్టి డ్యూటీకెళ్లా. దారంతా ఎవరూ స్కోర్ చెప్పకుండా చెవులు మూసుకుని వచ్చి ఫైల్ ఓపెన్ చేస్తే ఏదో పాత ప్రోగ్రామ్ రిపీట్ వస్తోంది. ఫార్వర్డ్ చేస్తూ పోతే రెండున్నర గంటలు దాటాక మ్యాచ్ మొదలైంది, ఇంకో గంటన్నర ఆడారు, ఫస్ట్ ఇన్నింగ్స్ చివరి ఓవర్లు కూడా పడకముందే ఫైల్ అయిపోయింది. ఛేజింగ్ మొత్తం గోవిందా.

ముందు యూఎస్‌బీ నిండిపోయిందేమో అనుకున్నా, కానీ ఖాళీ బోలెడుంది, ఫైల్ కూడా సరిగ్గా నాలుగు గంటలే ఉంది. అంటే రికార్డింగ్ మధ్యలో ఆగలేదు, రెండున్నర గంటలు ముందే మొదలైంది. రెండున్నర అనే అంకె చూడగానే నాకు వెలిగింది, అది మనకీ ఇండియాకీ ఉన్న తేడానే కదా. రిసీవర్ గడియారం చూస్తే నిజంగానే ఇండియా టైమ్‌లో నడుస్తోంది. నేను కొట్టిన 17:00 దాని లెక్కలో ఇండియా సాయంత్రం ఐదు, అంటే మా గోడ మీద మధ్యాహ్నం రెండున్నర.

ఎవరు మార్చారని అడిగితే రూమ్‌లో పెద్దాయన, మేమంతా అన్నా అనే పిలుస్తాం, నవ్వుతూ ఒప్పేసుకున్నాడు. "నేనే పెట్టా తమ్ముడూ, ఇంటికి ఫోన్ చేసేముందు ప్రతిసారీ రెండున్నర కలుపుకోలేక, టీవీలో చూస్తే సరిపోతుందని." మరి నీ రిమైండర్లన్నీ కరెక్ట్‌గానే వస్తున్నాయి కదా అన్నా అంటే, "ఏం, నాకెప్పుడూ తప్పలేదు" అన్నాడు. ఇది నాకు మొదట్లో అస్సలు అర్థం కాలేదు, ఒకే బాక్సు, ఒకే తప్పు టైమ్, ఆయనకి తప్పదు, నాకు తప్పుతుంది.

సంగతేంటంటే, చానల్ సిగ్నల్‌తో పాటు వచ్చే ప్రోగ్రామ్ గైడ్‌లో టైములు ఏ దేశం టైమ్‌లోనూ ఉండవు, యూటీసీలోనే వస్తాయి. ఇప్పుడు టైమ్ ఎంత అని చెప్పే చిన్న సమాచారం కూడా అదే సిగ్నల్‌లో యూటీసీలోనే వస్తుంది. రిసీవర్ చేసేదల్లా మనం పెట్టిన టైమ్ జోన్‌ని రెండింటికీ కలిపి స్క్రీన్ మీద చూపించడమే. అన్న జోన్ +5:30 పెట్టాడు కాబట్టి గడియారమూ గైడూ రెండూ కలిసి రెండున్నర గంటలు జరిగాయి, వాటిలో వాటికి గొడవ లేదు. అన్న గైడ్‌లోకెళ్లి ప్రోగ్రామ్ మీద ఓకే నొక్కి రిమైండర్ పెట్టేవాడు, అది సరిగ్గా ఆ ప్రోగ్రామ్ టైమ్‌కే వచ్చేది. నేను గోడ గడియారం చూసి అంకె కొట్టా, నాదొక్కటే పోయింది.

ఇక్కడ నేను చేసిన రెండో తప్పు చెప్పాలి, ఎందుకంటే చాలామంది చేసేది ఇదే. టైమ్ తప్పుంది కాబట్టి టైమ్ మారుద్దామని, మెనూలో GMT Usage అన్నదాన్ని ఆఫ్ చేసి, ఫోన్ చూసి గడియారాన్ని చేత్తో కరెక్ట్ చేశా. స్క్రీన్ మీద టైమ్ పర్ఫెక్ట్, గోడతో నిమిషం తేడా లేదు, హమ్మయ్య అనుకున్నా. మర్నాడు గైడ్ నుంచి ఐదింటి మ్యాచ్‌కి రికార్డింగ్ పెడదామని చూస్తే అది 14:00కి కనిపిస్తోంది. పోనీ గైడ్ చెప్పినట్టే పెట్టా, మధ్యాహ్నం రెండింటికి మొదలై మూడు గంటల ముందు వచ్చేదాన్ని రికార్డ్ చేసి కూర్చుంది. జోన్ తీసేశాక గైడ్‌కి కలపడానికి ఏమీ లేదు, యూటీసీ ఉన్నదున్నట్టు చూపిస్తోంది, గడియారమేమో నేను చెప్పింది నమ్ముతోంది. అన్న పద్ధతిలో కనీసం గడియారమూ గైడూ ఒక మాట మీద ఉండేవి, నేను బాగుచేసి రెండింటినీ విడగొట్టా. ఆరోజు అన్న రిమైండర్ కూడా తప్పింది, ఆయన ఏమీ అనలేదు గానీ చూసిన చూపు చాలు.

సరైన సెట్టింగ్ చివరికి చాలా చిన్నది. గడియారాన్ని ముట్టుకోకూడదు, GMT Usage ఆన్ చేసి, GMT Offset దగ్గర +03:00 పెట్టి, Summer Time ఆఫ్‌లో ఉంచి సేవ్ చేయాలి. మాకు గల్ఫ్‌లో ఎండాకాలం గంట మార్చడాలు లేవు కాబట్టి అది ఆఫే. కువైట్, సౌదీ, ఖతార్, బహ్రెయిన్ వాళ్లకి +3, దుబాయ్ వైపు వాళ్లకీ ఒమన్ వాళ్లకీ +4. పేర్లు బాక్సుని బట్టి మారతాయి, కొన్నిట్లో Time Zone అనో Auto అనో ఉంటుంది. ఆ ఆటోని నేనైతే గుడ్డిగా నమ్మను, డిష్‌లో వచ్చే సిగ్నల్ చాలా దేశాల మీద పడుతుంది, మనం ఏ దేశంలో కూర్చున్నామో దానికి తెలీదు. ఇంటర్నెట్ ఉన్న స్మార్ట్ టీవీలో అయితే టైమ్ ఆటోమేటిక్‌గా తీసుకోనిచ్చి, జోన్ మాత్రం మనమే చూసి సెలెక్ట్ చేసుకోవడం మేలు.

పెట్టాక కరెక్టో కాదో చూడ్డానికి గడియారం ఒక్కటే చూస్తే చాలదు, నా కథే సాక్ష్యం. లైవ్ న్యూస్ చానల్ పెట్టండి, అక్కడ స్క్రీన్ మీదే టైమ్ వేస్తారు. ఇండియా చానల్ అయితే అది ఇండియా టైమ్, అందులోంచి మా +3 వైపైతే రెండున్నర, +4 వైపైతే ఒకటిన్నర తీసేస్తే మీ బాక్సు చూపించే టైమ్ రావాలి. తర్వాత ఇన్ఫో బటన్ నొక్కితే కింద ఒక పట్టీ వస్తుంది, ప్రోగ్రామ్ పేరు, మొదలయ్యే టైమ్, అయిపోయే టైమ్, ఎంత అయిందో చూపించే గీత. నా తప్పు సెట్టింగ్‌లో పేరు కరెక్ట్‌గానే వచ్చేది, ఎందుకంటే ఇప్పుడు నడుస్తున్నది ఇదీ అని చానలే విడిగా పంపిస్తుంది, కానీ గీత మాత్రం ఎప్పుడు చూసినా నిండిపోయే ఉండేది, బాక్సు దృష్టిలో ఆ ప్రోగ్రామ్ ఎప్పుడో అయిపోయింది మరి. గీత సగంలో ఉండి ప్రోగ్రామ్ కూడా నిజంగా సగంలో ఉంటే సెట్టింగ్ సరిగ్గా ఉన్నట్టే.

తేడా ఎంతుందో చూస్తే తప్పు ఎక్కడుందో కూడా తెలుస్తుంది. మాకు రెండున్నర గంటలు వస్తే ఎవరో ఇండియా జోన్ పెట్టారు, మూడు గంటలు వస్తే జోన్ అసలు పెట్టనే లేదు, సరిగ్గా గంట వస్తే సమ్మర్ టైమ్ ఆన్‌లో ఉంది లేదా పక్క దేశం జోన్ పడింది. ఐదో పదో నిమిషాలైతే మాత్రం జోన్ జోలికి పోవద్దు, చానల్ వాడే ప్రోగ్రామ్ లేట్‌గా వేస్తున్నాడు, దానికి టైమర్‌ని ముందు ఐదు నిమిషాలు, వెనక అరగంట పెంచుకుంటే సరిపోతుంది. చానల్ మార్చినప్పుడల్లా గడియారం గెంతుతుంటే అది మీ తప్పు కాదు, శాటిలైట్‌లో కొన్ని చానళ్లని కలిపి పంపే ట్రాన్స్‌పాండర్లుంటాయి, వాటిలో ఏదో ఒకదాంట్లో టైమ్ తప్పుగా పంపిస్తున్నారు. అలాంటప్పుడు బాక్సుకి ఇంటర్నెట్ నుంచి టైమ్ తీసుకునే ఆప్షన్ ఉంటే దానికి మార్చేయాలి.

జోన్ మార్చాక పాత టైమర్లన్నీ డిలీట్ చేసి మళ్లీ పెట్టుకోండి. కొన్ని బాక్సులు టైమర్‌ని యూటీసీలో దాచుకుంటాయి, కొన్ని మనం కొట్టిన అంకె ఉన్నదున్నట్టు దాచుకుంటాయి, జోన్ మారితే ఒకటి తనంతట సర్దుకుంటుంది, ఇంకోటి అలాగే ఉండిపోతుంది. ఏది ఏదో వెతుక్కుంటూ కూర్చునే కంటే మళ్లీ పెట్టుకోవడమే తేలిక.

లండన్‌లో ఉన్న మా ఫ్రెండ్‌కి ఇదంతా చెప్తే వాడి బాధ ఇంకో రకం. అక్కడ మార్చి చివరి ఆదివారం గడియారం గంట ముందుకెళ్తుంది, అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కొస్తుంది. గంట తేడా వచ్చిందని వాడు జోన్‌ని +1 చేశాడు, Summer Time కూడా ఆన్‌లోనే వదిలేశాడు, రెండూ కలిపి +2 అయ్యింది. రెండింట్లో ఒకటే ఉండాలి, జోన్ 0, సమ్మర్ ఆన్. అది చేసినా చేత్తో పెట్టిన వారం వారం టైమర్లు ఉంటాయి కదా, ఇండియాలో గంట మారదు కాబట్టి మన ఏడున్నర వాడికి చలికాలంలో మధ్యాహ్నం రెండు, ఎండాకాలంలో మూడు. ఆ టైమర్లు ఏడాదికి రెండుసార్లు మార్చుకోవాల్సిందే. గైడ్ వచ్చే చానల్ అయితే గైడ్ నుంచే పెట్టుకోరా, ఈ తిప్పలుండవు అన్నా.

ఇంకోటి మర్చిపోయా. అంతా కరెక్ట్‌గా పెట్టాక కూడా ఒకరోజు రికార్డింగ్ రాలేదు. చూస్తే డ్యూటీకెళ్తూ ఎవరో ఎక్స్‌టెన్షన్ బోర్డు స్విచ్ ఆపేశారు. రిమోట్‌తో ఆపితే బాక్సు స్టాండ్‌బైలో ఉండి టైమ్‌కి లేస్తుంది, బోర్డు దగ్గర ఆపేస్తే ఏ టైమరూ లేవదు. పైగా మా బాక్సులో గడియారానికి బ్యాటరీ లేదు, మళ్లీ కరెంట్ ఇస్తే 1970 జనవరి ఒకటో తారీకు చూపిస్తుంది, ఏదో ఒక చానల్ పెట్టి సిగ్నల్ నుంచి టైమ్ తీసుకునేదాకా అంతే. ఇప్పుడా స్విచ్ మీద టేప్ అంటించి ఆపొద్దు అని రాశా. అన్న కోసం టీవీ పక్కన ఇంకో గోడ గడియారం తగిలించాం, ఇండియా టైమ్‌ది, అది కొంచెం స్లో అయినా ఆయనకి పర్వాలేదంట, ఇంట్లో వాళ్లు ఫోన్ ఎత్తేది ఎలాగూ పది నిమిషాల తర్వాతే అంటాడు.