రూట్ 9.3 ఎందుకు 3.2 వచ్చింది?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. మొన్న ఆదివారం లెక్కల నోటుబుక్కు పట్టుకొచ్చి, “నాన్నా, ఇది 3.05 రావాలి, నాకు 3.2 వస్తోంది” అంది. సంఖ్యారేఖ మీద √9.3 గుర్తించే లెక్క అది. ముందు AB అని 9.3 సెంటీమీటర్ల గీత గీయాలి. దాన్నే ఇంకో సెంటీమీటరు పొడిగించి C పెట్టాలి. మొత్తం AC కి మధ్యబిందువు O కనుక్కుని, అక్కడ ముల్లు గుచ్చి అర్ధవృత్తం గీయాలి. తర్వాత B దగ్గర నిలువుగా లంబం గీస్తే అది అర్ధవృత్తాన్ని D దగ్గర తాకుతుంది. ఆ BD పొడవే √9.3.

గీసిన బొమ్మ చూశాను. అన్నీ చెప్పినట్టే చేసింది. తప్పెక్కడుందో చెప్పాలంటే ముందు అది ఎందుకు పనిచేస్తుందో నాకు తెలియాలి కదా. నేను చదువుకున్న రోజుల్లో ఇది బట్టీ వ్యవహారమే. “సాయంత్రం చెబుతానమ్మా” అని తప్పించుకుని, తన కంపాసు తీసుకుని నేనే కూర్చున్నాను.

కాసేపటికి ఒకటి తట్టింది. ఇందులో రూట్ కంటే ముందు ఒక దీర్ఘచతురస్రం ఉంది. పొడవు 9.3, వెడల్పు 1. దాని వైశాల్యంతో సమానమైన చతురస్రం గీస్తే, ఆ చతురస్రం భుజమే √9.3. యూక్లిడ్ రెండో పుస్తకంలో చివరిదైన 14వ ప్రతిపాదనలో ఉన్నది ఈ పనే. అక్కడ అంకెలు లేవు, రూట్ గుర్తూ లేదు. ఒక ఆకారం ఇచ్చి, అంతే జాగా పట్టే చతురస్రం గీయమనడమే. గీతలు లేని స్కేలు, కంపాసు చాలు.

జవాబు ముందే తెలిసిన కొలతలతో మొదలుపెట్టాను: 9, 4. వైశాల్యం 36 కాబట్టి భుజం 6 రావాలి. 9 పక్కనే 4 పెడితే మొత్తం గీత 13. రెండు కొసల నుంచీ ఒకే వ్యాసార్ధంతో పైనా కిందా చాపాలు గీసి, అవి ఖండించుకున్న చోట్లను కలిపితే మధ్యబిందువు వచ్చింది. అర్ధవృత్తం గీసి, లంబం కొలిస్తే 6.5! నాకు టెన్షన్ మొదలైంది. పది నిమిషాలు తల గోక్కున్నాక చూస్తే, లంబం మధ్యబిందువు మీద నిలబెట్టాను. అక్కడ కొలిస్తే వచ్చేది వ్యాసార్ధమేగా మరి. లంబం లేవాల్సింది రెండు భుజాలూ కలిసిన చోట. అక్కడ గీస్తే చక్కగా 6 వచ్చింది.

సరే, వచ్చింది. ఎందుకు వచ్చింది? సరూప త్రిభుజాలతో రెండు లైన్లలో నిరూపించవచ్చు గానీ, అది నాకు కంటికి ఆనలేదు. అందుకని పాత క్యాలెండర్ కాగితం వెనక 9 బై 4 దీర్ఘచతురస్రం కత్తిరించాను. అందులో ఒక చివర 4 బై 4 చతురస్రం వదిలేస్తే, మిగిలింది 5 పొడవున్న ముక్క. దాన్ని సగానికి కోస్తే 2.5 వెడల్పున రెండు పట్టీలు. ఒకటి ఉన్నచోటే ఉంచి, రెండోది తిప్పి చతురస్రం కింద అంటించాను. ఇప్పుడది రెండు వైపులా 6.5 ఉన్న పెద్ద చతురస్రంలా ఉంది, కాకపోతే ఒక మూల 2.5 బై 2.5 ముక్క ఎలుక కొరికినట్టు లేదు. కాగితం ఏమీ పోలేదు, అంటే ఈ కొరికిన ఆకారం వైశాల్యం కూడా 36 అన్నమాట.

ఇక కావలసింది పెద్ద చతురస్రంలోంచి చిన్న చతురస్రం తీసేస్తే మిగిలే వైశాల్యం. కర్ణం 6.5, ఒక భుజం 2.5 ఉన్న లంబకోణ త్రిభుజం గీస్తే మూడో భుజం మీది చతురస్రం అదే: 42.25 − 6.25 = 36. ఇప్పుడు అర్ధవృత్తం బొమ్మ మళ్లీ చూశాను. O నుంచి D కి వ్యాసార్ధం 6.5. O నుంచి B కి 2.5. ఆ త్రిభుజం అక్కడే కూర్చుని ఉంది! నేను O, D కలుపుతూ గీత గీయలేదు కాబట్టి కనపడలేదంతే.

మన బౌధాయన శుల్బసూత్రాల్లో యజ్ఞవేదికల కోసం చెప్పిన పద్ధతి సరిగ్గా ఈ కోత, అతుకే. అక్కడ కంపాసు బదులు తాడు. పెద్ద చతురస్రం భుజమంత తాడును ఒక కొసన పట్టుకుని వాలుగా తిప్పి ఎదుటి గీతను తాకిస్తారు. తాడు తిరిగిన దారి మన అర్ధవృత్తంలోని చాపమే.

సాయంత్రం అమ్మాయిని పిలిచి ముందు కాగితం ముక్కలు చూపించాను. తర్వాత తన బొమ్మ తీశాం. నోటుబుక్కు అట్ట మూలను D దగ్గర పెట్టి, ఒక అంచు A మీదుగా పోయేలా తిప్పాను. అర్ధవృత్తంలో కోణం లంబకోణం కాబట్టి రెండో అంచు C మీదుగా పోవాలి. పోలేదు, C దాటి ఒక మిల్లీమీటరు అవతల పడింది.

“మధ్యబిందువు ఎలా పెట్టావమ్మా?”

“స్కేలుతో. 10.3లో సగం 5.15. సగం మిల్లీమీటరు ఎలా పెడతాం నాన్నా, అందుకే 5.2 పెట్టా.”

దొరికింది. O అర మిల్లీమీటరు జరిగింది, కంపాసు A దాకా తెరిచింది, దాంతో అర్ధవృత్తం 10.3 దగ్గర కాకుండా 10.4 దగ్గర గీతను తాకింది. అంటే తను చతురస్రంగా మార్చింది 9.3 బై 1 కాదు, 9.3 బై 1.1. వైశాల్యం 10.23, దాని రూట్ దాదాపు 3.2. పొడుగు వైపు ఒక మిల్లీమీటరు పెరిగితే పెద్ద తేడా రాదు. ఒక సెంటీమీటరు వెడల్పులో పెరిగితే మాత్రం పదో వంతు. సన్నటి దీర్ఘచతురస్రాలతో వచ్చే చిక్కే ఇది.

మధ్యబిందువు కంపాసుతోనే పెట్టమన్నాను. పెన్సిల్ ములుకు చెక్కుకుని, కంపాసు మర బిగించుకుని మళ్లీ గీసింది. ఈసారి 3.1కి కాస్త లోపల వచ్చింది. అయినా తనకి తృప్తి లేదు. కాగితం ముక్కలు అటూ ఇటూ తిప్పుతూ, “ముందే దీన్ని అడ్డంగా సగం కోసి ఒకదాని కింద ఒకటి పెట్టేస్తే?” అంది. నాకు తట్టని మాట అది. 9.3 బై 1ని సగానికి కోసి పేరిస్తే 4.65 బై 2, వైశాల్యం మారదు. మధ్యబిందువులో అదే అర మిల్లీమీటరు తప్పు చేసినా 4.65 బై 2.1 అవుతుంది, అప్పుడు భుజం 3.12 దగ్గర ఆగుతుంది. తేడా సగానికి దిగింది.

కంపాసుతోనే AB ని సగం చేసి, పక్కన రెండు సెంటీమీటర్లు పెట్టి గీశాం. కింద పాత నోటుబుక్కు పెట్టుకున్నాం, బల్ల మీద ముల్లు జారకుండా. లంబం కొలిస్తే 3 దాటి అర గీత. అట్ట మూల పెట్టి చూస్తే రెండు అంచులూ రెండు కొసల మీదుగా పోయాయి.

“స్కూల్లో 9.3, 1 అనే గీయాలి కదా” అంది. అవును, గీయాలి. అది వేరే పేజీలో గీసుకుంది.