‘ఆమె ఇవ్వబడింది’ దగ్గర ఇరుక్కున్న నా పాసివ్ వాయిస్

నేను రాసిన పోటీ పరీక్ష ప్రాథమిక కీ నిన్న వచ్చింది. ఇంగ్లీషు వ్యాకరణంలో యాక్టివ్‌ను పాసివ్ చేయమనే వాయిస్ బిట్లలో ఒక్కటీ పోలేదు. ఆ వేడి మీదే ఇది రాస్తున్నాను.

మామూలు వాక్యాల గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. కర్మను ముందుకు తెచ్చి, కాలానికి తగిన ‘బి’ రూపం వేసి, క్రియను దాని మూడో రూపమైన వి3 చేస్తే అయిపోతుంది. ఆజ్ఞలు కూడా ఒక పూట పనే. ‘ఓపెన్ ద డోర్’ అంటే ‘లెట్ ద డోర్ బి ఓపెన్డ్’. ‘డోంట్ టచ్ ఇట్’ అంటే ‘లెట్ ఇట్ నాట్ బి టచ్డ్’. ‘గో అవుట్’లో కర్మే లేదు కాబట్టి ‘లెట్’ కుదరదు, ‘యూ ఆర్ ఆర్డర్డ్ టు గో అవుట్’ అనాలి. ‘ప్లీజ్’ కనిపిస్తే దాన్ని తీసేసి ‘యూ ఆర్ రిక్వెస్టెడ్ టు’ పెట్టాలి. తీయకుండా రెండూ ఉంచిన ఆప్షన్ తప్పు. ఈ ‘లెట్’ వాక్యాలు పరీక్ష పేపర్లో తప్ప ఇంగ్లీషువాళ్ల నోట దాదాపు వినపడవు. అయినా మార్కు మార్కే.

అసలు తల తిన్నది రెండు కర్మల క్రియ. అందులోనూ అది ప్రశ్నలో వచ్చినప్పుడు. ‘డిడ్ దే గివ్ హర్ ఎ ప్రైజ్?’ దీన్ని పాసివ్ చేయమంటే మొదటిసారి నా చేతిలోంచి వచ్చింది ‘డిడ్ హర్ వాజ్ గివెన్ ఎ ప్రైజ్?’ ఇంత చిన్న వాక్యంలో రెండు తప్పులు. కోచింగ్‌లో చూపిస్తే సారు నవ్వి, “రెండు కర్మలుంటే మనిషినే ముందు పెట్టవయ్యా, అంతే” అన్నారు. ఎందుకో చెప్పలేదు. ఆ సూత్రం సగమే నిజమని తర్వాత తెలిసింది.

కారణం మన తెలుగులోనే ఉంది. మనం మాట్లాడేటప్పుడు ‘బడు’ వాడం, బోర్డుల మీద చదువుతాం: ‘ఇచ్చట ఇళ్ళు అద్దెకు ఇవ్వబడును’. అక్కడ ఇవ్వబడేది ఇల్లు. పుచ్చుకునే మనిషి ఎప్పుడూ ‘కు’ తగిలించుకుని పక్కనే ఉంటాడు. ‘ఆమెకు బహుమతి ఇవ్వబడింది’ అనొచ్చు గానీ ‘ఆమె ఇవ్వబడింది’ అంటే ఆమెనే ఎవరికో అప్పగించేశారన్నమాట! ఇంగ్లీషులో మాత్రం ‘షి వాజ్ గివెన్ ఎ ప్రైజ్’ అన్నదే మామూలు మాట. పుచ్చుకునే మనిషిని కర్త కుర్చీలో కూర్చోబెట్టే వీలు ఆ భాషకుంది, మనకు లేదు. అందుకే మన మనసు ‘ఆమెకు’ అనుకుని ‘హర్’ దగ్గర ఆగిపోతుంది. కుర్చీ మారితే రూపమూ మారాలి: హర్ కాస్తా షి, హిమ్ కాస్తా హి, దెమ్ కాస్తా దే, మి కాస్తా ఐ.

ఇక ప్రశ్న సంగతి. ఒక్క దూకులో రాయకుండా మూడు మెట్లు దిగాను. మొదట ప్రశ్నను మామూలు వాక్యం చేయాలి: ‘దే గేవ్ హర్ ఎ ప్రైజ్’. రెండోది దాని పాసివ్: ‘షి వాజ్ గివెన్ ఎ ప్రైజ్’. మూడోది ‘వాజ్’ను ఎత్తి ముందు పెట్టడం: ‘వాజ్ షి గివెన్ ఎ ప్రైజ్?’ ఇందులో ‘డిడ్’ ఎక్కడా లేదు చూడండి. అది మోసిన భూతకాలాన్ని ఇప్పుడు ‘వాజ్’ మోస్తోంది. రెండూ ఉంటే ఒకే బరువును ఇద్దరు మోసినట్టు. డు, డజ్, డిడ్ మూడూ ఇలాగే మాయమవుతాయి. హ్యాజ్, విల్, క్యాన్ మాత్రం పోవు, ముందే ఉండి వెనక బీన్‌నో ‘బి’నో చేర్చుకుంటాయి: ‘హ్యాజ్ షి బీన్ గివెన్ ఎ ప్రైజ్?’, ‘విల్ షి బి గివెన్ ఎ ప్రైజ్?’

బహుమతినే కర్త చేయాలనుకుంటే ‘వాజ్ ఎ ప్రైజ్ గివెన్ టు హర్?’ ఇక్కడ ‘టు’ తప్పనిసరి, మొదటి రూపంలో ‘టు’ ఉండకూడదు. ‘వాజ్ షి గివెన్ టు ఎ ప్రైజ్’ అంటే ఆమెను తీసుకెళ్లి బహుమతికి ఇచ్చినట్టు. ఇంకో మెలిక ఏకవచన బహువచనాలది. ‘డిడ్ దే గివ్ ద విన్నర్స్ ఎ ప్రైజ్?’ అన్నప్పుడు విజేతలు కర్త అయితే ‘వర్ ద విన్నర్స్ గివెన్ ఎ ప్రైజ్?’, బహుమతి కర్త అయితే ‘వాజ్ ఎ ప్రైజ్ గివెన్ టు ద విన్నర్స్?’ కుర్చీలో ఎవరున్నారో చూడకుండా వాజ్, వర్ టిక్కు పెట్టకండి.

‘హూ’ ప్రశ్న ఇంకాస్త గడుసుది. ‘హూ గేవ్ హర్ ద ప్రైజ్?’ అంటే ‘బై హూమ్ వాజ్ షి గివెన్ ద ప్రైజ్?’ ఆప్షన్లలో ‘హూ వాజ్ గివెన్ ద ప్రైజ్ బై హర్?’ అని కూడా ఉంటుంది. వ్యాకరణం చూస్తే అందులో ఏ తప్పూ లేదు. కానీ అక్కడ ఇచ్చింది ఆమె, పుచ్చుకుంది ఇంకెవరో. అర్థమే తిరగబడింది. అందుకే ఆప్షన్లు చూడకముందే ఇచ్చిందెవరు, పుచ్చుకుందెవరు అని తెలుగులో అనుకోవాలి. నన్ను కాపాడింది ఈ ఒక్క అలవాటే.

ఇప్పుడు సారు సూత్రంలో లేని సగం. గివ్, టెల్, షో, సెండ్, ఆఫర్, టీచ్, పే లాంటి వాటికి మనిషిని ముందు పెట్టొచ్చు. ‘మై ఫాదర్ బాట్ మి ఎ పెన్’ దగ్గర ‘ఐ వాజ్ బాట్ ఎ పెన్’ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘ఎ పెన్ వాజ్ బాట్ ఫర్ మి బై మై ఫాదర్’ అన్నదే చక్కగా ఉంటుంది. కొనడం, వండడం, తయారుచేయడం లాంటివి ఒకరి కోసం చేసేవి, అందుకే వాటికి ‘టు’ కాదు, ‘ఫర్’.

ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్ అయితే మనిషిని అసలు కుర్చీ దగ్గరికే రానివ్వవు. ‘ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ ద ప్రాబ్లమ్’ అని మన ఆఫీసుల్లో రోజూ వింటాం, అది తప్పు. ‘ద ప్రాబ్లమ్ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మి’ అనాలి. గుర్తుపట్టడం తేలిక. యాక్టివ్‌లో ‘ఎక్స్‌ప్లెయిన్ మి ద ప్రాబ్లమ్’ అనరు, ‘ఎక్స్‌ప్లెయిన్ ద ప్రాబ్లమ్ టు మి’ అంటారు. యాక్టివ్‌లో ‘టు’ లేకుండా క్రియ పక్కన నిలబడలేని మనిషి పాసివ్‌లో కర్త కాలేడు. సారు మాట విన్నవాళ్లు ఇక్కడే మార్కు పోగొట్టుకుంటారు. చెప్పిన ఆయనకేం, ఫీజు ముందే కట్టించుకున్నారు.

ఆజ్ఞలో రెండు కర్మలొస్తే మూడు మెట్లు అక్కర్లేదు. ‘టెల్ హిమ్ ద ట్రూత్’ అంటే ‘లెట్ హిమ్ బి టోల్డ్ ద ట్రూత్’. ఇక్కడ మాత్రం ‘హిమ్’ను ‘హి’ చేయకూడదు, ఎందుకంటే ‘లెట్’ తర్వాత కర్మ రూపమే వస్తుంది. అప్పటిదాకా హర్‌ను షి చేయడం నేర్చుకున్న చెయ్యి అలవాటుగా ‘లెట్ హి బి టోల్డ్’ అని రాసేస్తుంది.